కాలిన మోటరుకి వారంటీ రాదని చెప్పేటప్పుడు

మొన్న పాతపట్నం నుంచి వచ్చిన ఒకాయన జేబులోంచి మడతపెట్టిన కాగితం ఒకటి తీసి నాకిచ్చారు. ఆయన మోటరు చూసి ఏదో సర్వీస్ సెంటర్ వాళ్ళు ఇచ్చిందది. ఇంగ్లీషులో రెండు లైన్లు, వాడకంలో లోపం వల్ల పాడయింది కాబట్టి క్లెయిమ్ ఇవ్వము, రిపేరుకి ఇంత అవుద్ది అని, కింద ఒక స్టాంపు, అంతే. ఏ లోపం, ఏం పాడయింది, ఎలా తెలిసింది అన్నది ఎక్కడా లేదు. "ఇందులో ఏటి రాసినారో సూడు బాబూ" అన్నారాయన. చదివి చెప్పాను గానీ నిజానికి అందులో చెప్పడానికేమీ లేదు. అప్పట్నుంచీ ఇది రాయాలని ఉంది.

ఒడిశా వైపు పర్లాకిమిడిలో మా పని బోరులోకి దింపే సబ్‌మెర్సిబుల్ మోటర్ల సర్వీసు. కంపెనీ తరఫున వారంటీ చూస్తాం, వారంటీ లేనివి డబ్బులకి బాగుచేస్తాం. అటు కాశీనగర్ వంశధార పక్క ఊళ్ళ నుంచీ, ఇటు బోర్డర్ దాటి పాతపట్నం, మెళియాపుట్టి వైపు నుంచీ వస్తారు. కొందరితో తెలుగు, కొందరితో ఒడియా, సవర ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళతో రెండూ కలిపి. వచ్చిన వారంటీ మోటర్లలో కొన్నిటికి లేదని చెప్పక తప్పదు. నా అభిప్రాయం ఏంటంటే, ఆ లేదని చెప్పడం మర్యాదగా ఉండాలంటే మెత్తటి మాటలు చాలవు. మోటరు ఎందుకు కాలిందో ఆయన కళ్ళతో ఆయనే చూడాలి, డబ్బులిచ్చి చేయించుకునే రిపేరు ఆ కారణాన్ని కూడా బాగుచెయ్యాలి. ఈ రెండూ లేకుండా ఎన్ని "అండీ"లు పెట్టినా అది గెంటెయ్యడమే.

ముందు మోటరేం చెప్తుందో చూడాలి

ఒక కేసు చెప్తాను, వివరంగానే చెప్తాను, ఎందుకంటే ఇందులో అసలు సంగతంతా వివరాల్లోనే ఉంది.

కాశీనగర్ దగ్గర ఊరు. 5 హెచ్‌పీ త్రీ ఫేజు మోటరు, నీళ్ళు నింపే రకం, కొని ఏడో నెల. పెద్దాయన, కొడుకు ఇద్దరూ ఆటోలో వేసుకొచ్చారు. "మోటరు కాలిపోనాది బాబూ, ఇంకా ఏడాది కూడా అవనేదు, మార్సి ఇచ్చీయండి" అన్నారు. తోటలో వంగ, టమాట ఉన్నాయి, నీళ్ళు ఆగి అప్పటికే మూడో రోజు.

బిల్లు తేదీ, మోటరు మీద నంబరు, కార్డులో నంబరు, మూడూ సరిపోయాయి. సీలు ఎవరూ విప్పలేదు. కేబుల్ జాయింటు దగ్గర నీళ్ళు దూరిన గుర్తు లేదు. అంటే కాగితాల ప్రకారం క్లెయిమ్ బాగానే ఉంది, ఇక్కడి దాకా ఆయన వైపే. ఇన్సులేషన్ చూసే మెగ్గర్ మీటరు పెడితే బాడీకి షార్టు చూపించింది. మూడు వైర్ల మధ్య రెండేసి చొప్పున రెసిస్టెన్స్ చూస్తే మంచి మోటరులో మూడూ ఒక్కలా రావాలి, ఇందులో రాలేదు. ఇంతవరకూ తెలిసింది లోపల చుట్టిన తీగ, అంటే వైండింగ్, పోయిందని మాత్రమే. ఎందుకు పోయిందన్నది మీటరు చెప్పదు, విప్పితేనే తెలుస్తుంది. చాలా చోట్ల ఈ దగ్గరే ఆపేసి "వైండింగ్ కాలింది, వారంటీ లేదు" అనేస్తారు, నాకు ఒళ్ళు మండేది అక్కడే. వైండింగ్ కాలడం కారణం కాదు కదా, అది జరిగిన పని. వైండింగ్ ఫ్యాక్టరీ తప్పు వల్లా కాలుద్ది, కరెంటు వల్లా కాలుద్ది, నీళ్ళు లేకుండా తిరగడం వల్లా కాలుద్ది.

అందుకే పెద్దాయన్ని లోపలికి పిలిచి, స్టూలేసి కూర్చోబెట్టి, ఆయన ముందే విప్పాం. రోటరు తీసి స్టేటరు చివర టార్చి వేస్తే చుట్టూ ఆరు గుత్తుల తీగ కనిపిస్తుంది. నాలుగు గుత్తులు నల్లగా మాడి, ప్లాస్టిక్ పూత కరిగి ముద్దయిపోయాయి. ఎదురెదురుగా ఉన్న రెండు గుత్తులు మాత్రం కొత్తగా చుట్టినట్టే శుభ్రంగా ఉన్నాయి. ఈ రకం మోటరు లోపల స్టార్ కనెక్షన్‌లో ఉంటుంది, అంటే మూడు ఫేజుల తీగల కొసలూ ఒక్క చోట కలుస్తాయి. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మిగతా రెండిట్లోంచే కరెంటు వెళ్ళాలి, పోయిన ఫేజు తాలూకు తీగలో ఏమీ పారదు. కాబట్టి రెండు ఫేజుల తీగ కాలుద్ది, మూడోది చెక్కుచెదరదు. అదే డెల్టా కనెక్షన్ అయితే తిరగబడుతుంది, ఒకటి కాలి రెండు మిగుల్తాయి. ఆ మరక చూసి ఫేజు పోయిన కేసు అని చెప్పొచ్చు, దీన్ని వేరేదానితో పొరబడడం కష్టం.

ఫ్యాక్టరీ తప్పయితే ఇలా ఉండదు. తీగ పూతలో ఎక్కడో లోపముండి చుట్టుకీ చుట్టుకీ షార్టయితే ఒక చోట గుంట పడ్డట్టు కాలుద్ది, రాగి కరిగి పూసలా ఉంటుంది, మిగతా అంతా శుభ్రంగా ఉంటుంది. నీళ్ళు లేకుండా తిరిగితే బుష్షులు అరిగి, షాఫ్టు నీలం తిరిగి, థ్రస్ట్ బేరింగ్ కార్బన్ పగిలి కనిపిస్తుంది. ఈ మోటరులో బుష్షులు, థ్రస్టు బాగానే ఉన్నాయి. ఇది కూడా పెద్దాయనకి చేత్తో పట్టుకుని చూపించాం, ఎందుకంటే పాడవనిదేంటో కూడా చెప్పాలి. బోరులో నీళ్ళున్నాయి, పైపు సరిగ్గానే దింపారు, ఆయన చేసిన పనిలో చాలా భాగం సరిగ్గానే చేశారు. ఈ మాట ఎవరూ చెప్పరు.

రిలే దగ్గర తీగ ముక్క

కొడుకుని స్టార్టర్ ఫోటో ఏమైనా ఉందా అనడిగితే ఊళ్ళో తమ్ముడికి ఫోన్ చేసి తెప్పించాడు. స్టార్టర్ డబ్బా మూత తీసి ఉన్న ఫోటో. కరెంటు ఎక్కువైతే మోటరుని ఆపే ఓవర్‌లోడ్ రిలే ట్రిప్పు కాంటాక్టుల మీద ఎర్ర తీగ ముక్క ఒకటి, ఇటు నుంచి అటు. అంటే రిలే ఉన్నా లేనట్టే. మోటరు నేమ్ ప్లేటు మీద తొమ్మిదిన్నర ఆంపియర్లు, ఒక ఫేజు పోతే మిగతా రెండిట్లో కరెంటు దాదాపు ఒకటీ ముప్పావు రెట్లు అవుద్ది, నేమ్ ప్లేటుకి సెట్ చేసిన రిలే అయితే కొన్ని నిమిషాల్లో ట్రిప్పయిపోను. పైగా స్టార్టర్ కాయిల్ రెండు ఫేజుల మధ్యే ఉంటుంది కాబట్టి పోయింది మూడో ఫేజయితే మోటరుకి కరెంటు కలిపే కాంటాక్టర్ పట్టుకునే ఉంటుంది, వదలదు. మోటరు మూలుగుతూ తిరుగుతానే ఉంటుంది, పక్కన మనిషి లేడు, ఇంకేముంది.

తీగ ఎందుకేసారు అంటే, "మాటిమాటికీ ట్రిప్పయిపోతందని ఏసినాం" అన్నాడు కొడుకు. వేసింది వాళ్ళ మేనమామే, ఊళ్ళో వైరింగ్ పనులు చేస్తాడు. ఆ ట్రిప్పవడమే ముందు హెచ్చరిక, లైన్లో అప్పటికే ఒక ఫేజు వచ్చిపోతూ ఉంది.

ఇక్కడ మాట చాలా జాగ్రత్తగా రావాలి. "ఎవడేసాడు ఈ తీగ?" అని షాపులో నలుగురి ముందు అంటే వారంటీ గొడవ ఇంటి గొడవవుద్ది. మేనమామ మీదకి తోసేసి మనం ఒడ్డున కూర్చోడం అది. నేను చెప్పాల్సింది తీగ ఎవరు వేశారో కాదు, తీగ ఉంటే రిలే పనిచెయ్యదని. కారణం మోటరు గురించి చెప్పాలి, మనిషి గురించి కాదు. రాసేటప్పుడు కూడా అంతే. "మీరు రిలే బైపాస్ చేశారు" అని రాయడం వేరు, "రిలే బైపాసై ఉన్నందున ఫేజు పోయినప్పుడు స్టార్టర్ ఆగలేదు" అని రాయడం వేరు. రెండూ నిజమే గానీ రెండోదాంతో ఆయన ఇంటికి తలెత్తుకు వెళ్తాడు.

మేము ఇచ్చిన కాగితం దాదాపు ఇలా ఉంది, తెలుగులో రాసి, ఒడియా చదివేవాళ్ళకి ఒడియాలో ఇస్తాం:

"అయ్యా, మీ మోటరుకి ఈసారి వారంటీ కింద ఉచితంగా మార్చడం గానీ బాగుచెయ్యడం గానీ కుదరదు. మీ ముందే విప్పి చూశాం. ఆరు గుత్తుల వైండింగ్‌లో నాలుగు కాలాయి, ఎదురెదురుగా ఉన్న రెండు బాగున్నాయి. నడుస్తుండగా ఒక ఫేజు పోయినప్పుడు ఇలా కాలుతుంది. స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే బైపాసై ఉన్నందున మోటరు ఆగలేదు. వారంటీ కార్డులో ఇలా ఒక ఫేజు పోవడం, అంటే సింగిల్ ఫేజింగ్ వల్ల కాలినవాటికి వారంటీ లేదని ఉంది. బుష్షులు, షాఫ్టు, థ్రస్ట్ బేరింగ్, కేబుల్ బాగున్నాయి. ఫోటోలు దీంతో ఇస్తున్నాం. కావాలంటే డబ్బులిచ్చి రీవైండింగ్ చేయించుకోవచ్చు, వివరం వెనక పేజీలో ఉంది. వద్దనుకుంటే మోటరు బిగించి ఇచ్చేస్తాం, విప్పినందుకు ఏమీ తీసుకోం. ఈ నిర్ణయం సరికాదనిపిస్తే కంపెనీకి రాయొచ్చు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు."

లేదన్న మాట మొదటి వాక్యంలోనే ఉంది చూడండి. ముందు పొగిడి, బాధపడి, కంపెనీ గొప్పలు చెప్పి నాలుగో పేరాలో లేదనడం నాకు నచ్చదు. నీళ్ళకి తోట ఎండుతోంది, ఆయనకి కావాల్సింది ఈ పూట ఏం చెయ్యాలో. "కంపెనీకి పంపాం, చూస్తున్నారు" అని పదిహేను రోజులు తిప్పడం మర్యాదనుకునేవాళ్ళున్నారు, నా దృష్టిలో అంతకన్నా అమర్యాద లేదు, ఆ పదిహేను రోజుల్లో పంట పోద్ది.

ఆఖర్న 1915 ఎందుకు రాస్తావ్, మన మీద మనమే కేసు పెట్టించుకోడమా అని తోటి డీలరు ఒకాయన అడిగాడు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం కొన్న మనిషి తానుండే జిల్లాలోనే ఫిర్యాదు పెట్టుకోవచ్చు, రెండేళ్ళ లోపు. పాతపట్నం ఆయన పర్లాకిమిడిలో కొన్నా శ్రీకాకుళంలో వేసుకోవచ్చు. ఆయనకున్న దారి ఆయనకి తెలియకుండా దాచి నా నిర్ణయం సరైందని ఎలా అంటాను? పైగా ఫోటోలతో కారణం రాసిచ్చిన కాగితం ఉంటే నాకు భయపడాల్సిందేమీ లేదు. రెండు లైన్ల స్టాంపు కాగితం ఇచ్చినవాళ్ళే భయపడాలి.

ఆయన అడిగిన ప్రశ్న

కాగితం చదివి వినిపించాక పెద్దాయన కాసేపు ఏమీ అనలేదు, తర్వాత అడిగారు, "లైన్ల ఫేజు పోతే నా తప్పేటి బాబూ?"

నిజమే, ఆయన తప్పు కాదు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఉన్నంత చెప్పాను. వారంటీ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన వస్తువు బాగుందా లేదా అన్నదానికి పూచీ, లైన్లో కరెంటు బాగుంటుందన్నదానికి కాదు మావయ్యా అన్నాను. వాళ్ళ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫేజు వచ్చిపోవడం గురించి కరెంటాఫీసుకి రాయడానికి మా రిపోర్టు కాపీ ఒకటి వేరేగా స్టాంపు వేసి ఇచ్చాను. అది ఆయన డబ్బు తిరిగిస్తుందని నేను అనను.

ఇందులోనే ఇంకో సంగతుంది. వారంటీ కార్డు ఇంగ్లీషు, హిందీల్లో ఉంది, సింగిల్ ఫేజింగ్ లైను చిన్నక్షరాల్లో వెనకాల ఉంది. మోటరు అమ్మిన రోజున ఆయనకి ఇది ఎవరైనా చెప్పారా? అమ్మిన డీలరు చెప్పలేదు, స్టార్టర్ వేరే చోట కొన్నారు, రిలే ఎంతకి సెట్ చెయ్యాలో అక్కడా ఎవరూ చెప్పలేదు. అలాంటప్పుడు కార్డులో ఉంది కదా అని చూపించడం చట్టానికి సరిపోద్దేమో గానీ నాకు గొంతు దాటి రాదు. అయినా మార్చి ఇవ్వలేదు, ఎందుకో చెప్తాను.

మా లైన్లో చాలామంది చేసే పని, గొడవెందుకని ఫ్యాక్టరీ తప్పు కోడ్ వేసి కొత్తది ఇచ్చెయ్యడం. కస్టమర్ సంతోషం, డీలర్ సంతోషం, కంపెనీకి తెలియదు. ఇలాగే పక్క టౌనులో ఒకరికి ఉచితంగా మార్చి ఇచ్చారు, తీగ ముక్క స్టార్టర్‌లో అలాగే ఉండిపోయింది, అదే సీజన్‌లో రెండోది కూడా కాలింది. రెండోసారి కంపెనీ మనిషి వచ్చి చూసి లేదన్నాడు. రైతుకేమర్థమవుద్ది? మొదటిసారి ఇచ్చి రెండోసారి ఎందుకివ్వరు అని షాపు ముందు కూర్చున్నాడు, అతని వైపు నుంచి చూస్తే అడగడంలో తప్పేమీ లేదు. జాలితో ఇచ్చిన కొత్త మోటరు కారణాన్ని కప్పెట్టేసింది.

కానీ తెలియనప్పుడు మాత్రం లేదనకూడదు, దీనిమీద నేను గట్టిగా ఉంటాను. కొన్ని మోటర్లు ఆరు గుత్తులూ మాడి బొగ్గయిపోయి వస్తాయి. అలా ఉంటే లో వోల్టేజా, లోపల మొదలైన షార్టు పాకి అంతా కాలిందా, పిడుగా, ఎవరూ చెప్పలేరు, చెప్తే అది ఊహే. అలాంటప్పుడు అనుమానం కస్టమర్ వైపు పోవాలి, క్లెయిమ్ పాస్ చెయ్యాలి, కంపెనీ ఒప్పుకోకపోతే ప్లాంటుకి పంపి వాళ్ళచేత రాయించాలి. కారణం చూపించలేని రిజెక్షన్ రిజెక్షనే కాదు.

రిపేరు బేరం

ఇప్పుడు అసలు ఇబ్బందికరమైన చోటికొస్తాను. వారంటీ లేదన్నదీ నేనే, రిపేరు డబ్బులు తీసుకునేదీ నేనే. చూసేవాడికి ఏమనిపిస్తుంది? వీడు కావాలనే లేదన్నాడనిపిస్తుంది, అనిపించడం సహజం. ఎంత నిజాయితీగా చూసినా ఈ అనుమానం పోదు, దాన్ని తీర్చే పద్ధతి పెట్టుకోవాలి.

మేం పెట్టుకున్నది ఏంటంటే, కారణం చెప్పే కాగితమూ రిపేరు లెక్కా వేరువేరు పేజీలు, కారణం ఆయనకి అర్థమై ఒప్పుకునేదాకా రెండోది తియ్యం. లెక్కలో ఒక్కో వస్తువు విడిగా ఉంటుంది. పెద్దాయనకి రాసింది, రీవైండింగ్ 4,800, బుష్షులు బాగున్నా విప్పాం కాబట్టి సీళ్ళు 350, బిగించి నీళ్ళ ట్యాంకులో నడిపి మూడు ఫేజుల్లో కరెంటు చూసి ఇచ్చినందుకు 600, మొత్తం 5,750. కొత్త మోటరు ఒక్కటే కొంటే 17,000 పైన, అది కూడా రాశాం. చుట్టిన వైండింగ్‌కి ఆరు నెలల పూచీ, మళ్ళీ ఫేజు పోయి కాలితే ఆ పూచీ కూడా ఉండదని అక్కడే రాశాం. కాలిన రాగి తీగ ఆయనదే, అమ్ముకుంటారో మాకే ఇచ్చి బిల్లులో తగ్గించుకుంటారో ఆయన ఇష్టం. ఈ రాగి సంగతి చెప్పని షాపులు చాలా ఉన్నాయి, కస్టమర్లకి ఒళ్ళుమండే విషయాల్లో ఇదొకటి.

కింద ఇంకో లైను, సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ 1,400. ఒక ఫేజు పోయినా, మూడింటి మధ్య తేడా ఎక్కువైనా కొన్ని సెకన్లలో స్టార్టర్‌ని ఆపేస్తుంది. ఇది పెట్టించుకోకపోతే రీవైండింగ్ చెయ్యమా అంటే చేస్తాం, బలవంతం లేదు. కానీ ఇది లేకుండా, ఆ తీగ ముక్క తియ్యకుండా మోటరు దింపితే 5,750 బోర్లో పోసినట్టే అని నోటితో కూడా చెప్తాం. లెక్కలో ఇది లేకపోతే ఆ ఎస్టిమేటు అసంపూర్తి అని నా ఉద్దేశం. చాలా సర్వీస్ సెంటర్లలో రీవైండింగ్ రేటు చెప్పి ఊరుకుంటారు, మళ్ళీ కాలితే మళ్ళీ పని వస్తుంది కదా అన్న లెక్క పైకి అనకపోయినా ఉంటుంది.

కొడుకు పక్కనే ఉన్న వేరే వైండింగ్ షాపులో అడిగొస్తానన్నాడు. వెళ్ళమన్నాను. అక్కడ 4,000 చెప్పారంట. తేడా ఎక్కడంటే వైరు గేజి, నీళ్ళలో ఉండే మోటరుకి వాడే పాలీ పూత తీగ రకం, టెస్టింగ్ ఉందా లేదా అన్నది. అవి అడగమని చెప్పాను, వాళ్ళది తప్పుడు పనని మాత్రం అనలేదు, నాకు తెలీదు కాబట్టి. సాయంత్రానికి మా దగ్గరే చెయ్యమన్నారు, ప్రివెంటర్ కూడా. రిపేరు అయ్యేదాకా షాపులో ఉన్న పాత మోటరు ఒకటి తోటకి పంపాం, అద్దె లేదు, ఆటో ఖర్చు వాళ్ళది. మూడు రోజుల్లో మోటరు ఇచ్చాం. బిగించడానికి మా కుర్రాడు వెళ్ళి ఎర్ర తీగ తీసి రిలేని తొమ్మిదిన్నరకి తిప్పి, డబ్బా మూత లోపల తెలుగులో "ట్రిప్పయితే తీగ వెయ్యొద్దు, మూడు ఫేజులూ చూడండి" అని పెయింటుతో రాసొచ్చాడు. మేనమామ పక్కనే నిలబడి కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్ పట్టుకున్నాడంట.

అందరూ ఇలా ఒప్పుకోరు. ఇలాగే చూపించినా నమ్మకుండా, మోటరు విప్పి పాడుచేశారని తిట్టి వెళ్ళినవాళ్ళున్నారు. వాళ్ళకీ అదే కాగితం, అవే ఫోటోలు, సామాను మొత్తం బిగించి బోల్టు ఒక్కటి తగ్గకుండా ఇవ్వాల్సిందే. విప్పినందుకు 300 తీసుకుంటే తప్పేంటి, కుర్రాడి రెండు గంటల పని కదా అని మా తమ్ముడు అంటాడు. లెక్క ప్రకారం వాడన్నది సరే. కానీ వారంటీ ఉన్న మోటరుని విప్పమన్నది కస్టమర్ కాదు, ఇవ్వాలా వద్దా తేల్చుకోడానికి విప్పింది మేము, కంపెనీ తరఫున. ఆ ఖర్చు కంపెనీ దగ్గర అడగాలి. రిజెక్టయిన క్లెయిములకి కూడా ఇన్‌స్పెక్షన్ చార్జీ ఇవ్వమని మా ఏరియా ఆఫీసుకి రాశాను, ప్రస్తుతం పాసైనవాటికి మాత్రమే ఇస్తున్నారు. రిజెక్ట్ చేస్తే ఏమీ రాదు, పాస్ చేస్తే వస్తుంది అన్నప్పుడు విప్పి చూసే ఓపిక ఎవరికుంటుంది, చూడకుండానే ఏదో ఒకటి రాసి పంపేస్తారు. పాతపట్నం ఆయన కాగితం అలా పుట్టిందేనని నా అనుమానం. ఆయన మోటరు కూడా తెచ్చి ఇవ్వమన్నాను, సోమవారం విప్పుతాం. ఫ్యాక్టరీ తప్పని తేలితే ఆ ఫోటోలు పట్టుకుని ఆయన వాళ్ళ దగ్గరికే మళ్ళీ వెళ్ళాలి, అది నా కంపెనీ మోటరు కాదు కాబట్టి నేను చెయ్యగలిగింది రిపోర్టు రాసివ్వడం వరకే.